క్రిస్మస్ పాటలో మన పిల్లలు: కెమెరా పెట్టక ముందే సంఘం తేల్చుకోవలసినవి

దసరా సెలవులు అయిపోగానే మన సంఘాల్లో క్రిస్మస్ పాటల పని మొదలవుతుంది. పాట రాయడం, ట్యూన్ కట్టడం, ట్రాక్ చేయించడం అక్టోబరులో పూర్తయితే నవంబరులో షూటింగ్, డిసెంబరు మొదటి వారంలో యూట్యూబ్‌లో విడుదల. ఒకప్పుడు పాడే సహోదరుడు, పక్కన కోరస్ అందుకునే నలుగురు ఉంటే సరిపోయేది. ఇప్పుడు చిన్నపిల్లలు కనిపించని క్రిస్మస్ పాట అరుదు. తెల్ల గౌన్లు, దేవదూతల రెక్కలు, గొర్రెల కాపరుల తలపాగాలు, చేతుల్లో నక్షత్రాలు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ నాలుగు నిమిషాల కోసం ఆ పిల్లలు ఎన్ని గంటలు నిలబడ్డారో, వాళ్లను ఎవరు అడిగారో, ఏమని అడిగారో చూసేవారికి తెలియదు. ఈ వారం ఆ సంగతే రాస్తున్నాం.

కొన్నేళ్ల క్రితం ఒక పాట చిత్రీకరణను ప్రార్థనతో ప్రారంభించమని మమ్మల్ని పిలిచారు. తెల్లవారుజామున చలిలో, పొలం గట్టు మీద, ఏడెనిమిది మంది పిల్లలు పలచటి గౌన్లలో వణుకుతూ నిలబడి ఉన్నారు. సూర్యోదయపు వెలుగు కోసం వాళ్లను నాలుగింటికే లేపి తెచ్చారు. ఆ వెలుగులో తీసింది రెండు షాట్లు. తరువాత పెద్దల సన్నివేశాలు, డ్రోన్ షాట్లు. పిల్లల వంతు మళ్లీ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ సన్నివేశంలో ఒక పాప పశువుల తొట్టి ముందు మోకరించి ఏడవాలి. పాపకు ఎనిమిదేళ్లు ఉంటాయి. ఏడుపు రాలేదు. రెండు మూడు టేకులు పోయాక డైరెక్టర్ పాప దగ్గరకు వెళ్లి, "మీ అమ్మ నిన్ను వదిలేసి ఊరెళ్లిపోయింది" అన్నాడు. పాప నిజంగానే వెక్కివెక్కి ఏడ్చింది. కెమెరా తిరిగింది. షాట్ బాగా వచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు. పాప తల్లి అక్కడే, కొబ్బరిచెట్టు కింద కూర్చుని నవ్వుతోంది. మేమూ అక్కడే ఉన్నాం. ఏమీ అనలేదు. పాట డిసెంబరులో వచ్చింది, ఆ షాట్‌నే అందరూ మెచ్చుకున్నారు. ఆ పాప మాత్రం తరువాత చాలా కాలం తల్లి కొంగు వదలలేదని, సండే స్కూల్‌లో కూడా తల్లి పక్కనే కూర్చునేదని మాకు తెలిసింది. అక్కడ ఉన్న వారిలో ఎవరూ చెడ్డవారు కాదు. అందరూ పరిచర్య చేస్తున్నామనే అనుకున్నారు. చిన్నపిల్లలను యేసు దగ్గరకు రానివ్వకుండా అడ్డుపడిన శిష్యులు కూడా ఆ రోజు తాము పరిచర్యకే సాయపడుతున్నామనుకున్నారు. ప్రభువు కోపపడింది వాళ్ల మీదే.

ముందుగా చట్టం ఏమంటోందో చూద్దాం. బాల కార్మిక నిషేధ చట్టం 1986లో వచ్చింది. 2016లో దానిని సవరించారు. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదని అది చెబుతుంది. అయితే సినిమా, సీరియల్, ప్రకటన వంటి దృశ్య శ్రవణ వినోద రంగంలో కళాకారులుగా పని చేయడానికి, చదువు చెడకూడదన్న షరతుతో, ఒక మినహాయింపు ఇచ్చింది. మిగిలిన షరతులు 2017లో వచ్చిన నియమాల్లో ఉన్నాయి. రోజుకు 5 గంటలకు మించి పని ఉండకూడదు. విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. చిత్రీకరణ జరిగే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, అనుమతి ముందే తీసుకోవాలి. అందుకు ఫారం-సి అనే హామీపత్రం, పిల్లల జాబితా, తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల భద్రతకు బాధ్యత వహించే వ్యక్తి పేరు ఇవ్వాలి. ఐదుగురు పిల్లలకు ఒకరి చొప్పున బాధ్యులు ఉండాలి. పిల్లవాడి ఇష్టానికి వ్యతిరేకంగా ఎందులోనూ పాల్గొనేలా చేయకూడదని కూడా ఆ నియమాలు విడిగా చెప్పాయి.

"అయ్యగారూ, మనది వ్యాపారం కాదు కదా, దేవుని పాటే కదా" అని మమ్మల్ని చాలామంది అడుగుతారు. క్రిస్మస్ నాటికను ఎవరో తండ్రి ఫోన్‌లో తీసుకోవడం వేరు. కెమెరామన్‌ను, డ్రోన్‌ను అద్దెకు తెచ్చి, డైరెక్టరు షాట్లు చెబుతుండగా పిల్లలను రోజంతా నిలబెట్టి, ఆ వీడియోను ప్రకటనలు వచ్చే ఛానెల్‌లో పెట్టడం వేరు. రెండవది నిర్మాణమే. పాట భక్తి పాట అయినంత మాత్రాన పిల్లవాడి కాళ్ల నొప్పి తగ్గదు. అందుకే కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చే పనిని షూటింగ్‌కు కనీసం నెల ముందే మొదలుపెట్టమని మా సలహా. 14 దాటిన పిల్లల విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించడం మంచిది.

ఇక సమ్మతి. తల్లిదండ్రులు ఒప్పుకున్నారని ప్రతి సంఘమూ చెబుతుంది. ఎలా ఒప్పుకున్నారో చూడాలి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు గుమ్మం దగ్గర నిలబడి, "తమ్ముడూ, పాపను శనివారం పాటకు పంపండి" అంటారు. ఆ తండ్రి రోజు కూలీ కావచ్చు. వాళ్ల అబ్బాయి స్కూలు ఫీజు సంఘమే కడుతూ ఉండవచ్చు. ఆయన నోట కాదనే మాట వస్తుందా? పైగా కాదంటే దేవుని పనికి కాదన్నట్టు అవుతుందేమోనన్న భయం. అలాంటి చోట వచ్చే "సరే అయ్యగారూ" అన్న మాట సమ్మతి కాదు, మొహమాటం. కాపరులమైన మనం గుర్తించవలసినది ఇదే. మన మీద జనానికి ఉన్న గౌరవమే వాళ్ల నోరు కట్టేస్తుంది.

కాబట్టి అడగవలసింది పాస్టరు కాదు, పాట నిర్మాత కూడా కాదు. సండే స్కూల్ టీచరు గానీ, స్త్రీల సమాజంలో ఒక పెద్దమ్మ గానీ ఇంటికి వెళ్లి అడగాలి. తెలుగులో, ఒక్క పేజీలో, చదవడం రానివారికి చదివి వినిపించేలా కాగితం ఉండాలి. పాటలో పాప ఏం చేస్తుంది, ఏ బట్టలు వేస్తారు, ఎక్కడికి తీసుకెళ్తారు, ఎన్ని గంటలకు బయలుదేరి ఎన్ని గంటలకు ఇంటికి చేరుస్తారు, వీడియో ఏ ఛానెల్‌లో వస్తుంది, దాని మీద డబ్బు వస్తుందా, వస్తే ఎవరికి, మనసు మారితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. కాగితాన్ని అక్కడికక్కడే సంతకం చేయించుకోకుండా ఇంట్లో వదిలి, మూడు రోజుల తరువాత రావాలి. "ఇష్టం" పక్కనే "ఇష్టం లేదు" అన్న గడి కూడా అంతే పెద్దదిగా ఉండాలి. కాదన్న కుటుంబం పేరు సంఘంలో ఎక్కడా వినిపించకూడదు, వాళ్లకు అందే సాయం ఆగకూడదు. వీలైతే తల్లి, తండ్రి ఇద్దరి సంతకాలూ ఉండాలి. హాస్టల్లో, బాలల గృహంలో ఉన్న పిల్లల విషయం మరింత సున్నితం. అక్కడ సమ్మతి ఇచ్చేవారు, వీడియో తీయించేవారు, దానివల్ల వచ్చే కానుకలు అందుకునేవారు ఒక్కరే అయితే పిల్లల పక్షాన మాట్లాడేవారు ఎవరూ మిగలరు. అలాంటి చోట పిల్లల ముఖాలు చూపించకుండా ఉండటమే న్యాయమని మా అభిప్రాయం.

తల్లిదండ్రుల సంతకం తరువాత పిల్లలనూ అడగాలి, విడిగా అడగాలి. ఆరేళ్ల పిల్ల "నాకు వద్దు" అని నోటితో చెప్పకపోవచ్చు. రిహార్సల్ రోజున కడుపునొప్పి అంటుంది, చెప్పులు కనబడటం లేదంటుంది, వెనుక వరుసలో దాక్కుంటుంది. అదే ఆమె జవాబు. షూటింగ్ రోజున మనసు మారినా వినాలి. ఇక్కడ ఒక మెలకువ ఉంది. ఒక చరణం మొత్తాన్ని ఒకే పిల్ల మీద పెడితే, ఆ పిల్ల వద్దన్న క్షణాన పెట్టుబడి అంతా గుర్తుకొచ్చి అందరూ బతిమాలడం మొదలుపెడతారు. ప్రతి చరణాన్నీ ఇద్దరు ముగ్గురు పిల్లల మధ్య పంచితే ఎవరు తప్పుకున్నా పాట ఆగదు. అప్పుడే ఆ పిల్ల "వద్దు" అన్న మాటకు విలువ ఉంటుంది.

తరువాత వేళలు. ఒక ఉదాహరణ తీసుకుందాం. నాలుగు నిమిషాల పాట, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలు ఎనిమిది మంది. ఆదివారం ఆరాధన, మిగతా రోజులు బడి. కాబట్టి రెండవ శనివారం ఒక్కటే చేతిలో ఉంది. నియమం ప్రకారం ఎనిమిది మందికి ఇద్దరు బాధ్యులు కావాలి. వాళ్లు డైరెక్టరో, పాట పాడేవారో కాకూడదు. ఆ రోజు వాళ్లకు పిల్లల పని తప్ప వేరే పని ఉండకూడదు. ఇద్దరిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి తలుపు ఉన్న గది, మరుగుదొడ్డి ఉన్నచోటే షూటింగ్ పెట్టాలి. పొలం గట్టు ఎంత అందంగా ఉన్నా ఆ రెండూ దగ్గరలో లేకపోతే అది పిల్లల షూటింగ్‌కు తగిన స్థలం కాదు.

ఎనిమిదిన్నరకు పిల్లలు టిఫిన్ తిని వస్తారు. తొమ్మిదికి బట్టలు, తల దువ్వడం మొదలు. గంటల లెక్క ఇక్కడి నుంచే వేయాలి. కెమెరా తిరిగిన నిమిషాలు మాత్రమే పని అని కొందరు లెక్కిస్తారు. పిల్లలను అలసిపోయేలా చేసేది కెమెరా కాదు, ఎదురుచూపు. తొమ్మిదిన్నర నుంచి పదింబావు దాకా దగ్గర షాట్లు, ఎందుకంటే ముఖాల్లో తాజాదనం ఉండేది అప్పుడే. పావుగంట విశ్రాంతి, నీళ్లు, అరటిపండు. మళ్లీ పదిన్నర నుంచి పదకొండుంబావు దాకా ఇద్దరు ముగ్గురు కలిసిన షాట్లు. మరో పావుగంట విరామం. పన్నెండింటిదాకా అందరూ కలిసి పాడే పల్లవి. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా భోజనం, నీడలో ఆట. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా, నడుమ ఒక విరామంతో, నడిచే షాట్లు, వెనుక నుంచి తీసేవి, చేతులు, నక్షత్రాలు. రెండున్నరకు బండి ఎక్కించాలి. భోజనపు గంట తీసేస్తే మొత్తం నాలుగున్నర గంటలు. చట్టం చెప్పిన ఐదు గంటల హద్దుకు అరగంట తక్కువ. ఆ అరగంటను ముందే వాడుకోకూడదు. వాన పడినా, స్పీకరు చెడిపోయినా ఉపయోగపడేది అదే.

"మరి సూర్యోదయం, సాయంత్రపు వెలుగు ఎలా?" అని కెమెరామన్ అడుగుతాడు. ఆ వెలుగులో పెద్దవాళ్లను తీయండి. పాడే సహోదరుడు నాలుగింటికి లేవగలడు. రాత్రి కొవ్వొత్తుల సన్నివేశం కావాలంటే చర్చి లోపలే, పగటిపూట, కిటికీలకు నల్లగుడ్డ కట్టి తీయవచ్చు. చూసేవారికి రాత్రే అనిపిస్తుంది, పిల్లలు మాత్రం తమ వేళకు ఇంట్లో పడుకుంటారు. కొవ్వొత్తులు బ్యాటరీవి కావాలి. నెట్ గౌనుకు, దూది రెక్కలకు నిప్పు అంటుకోవడానికి ఒక్క క్షణం చాలు. మంచు కోసం నురుగు స్ప్రే కొట్టేటప్పుడు పిల్లల ముఖాలకు దూరంగా, వెనుకవైపు కొట్టాలి. షూటింగ్‌కు ముందు రెండు ఆదివారాలు సండే స్కూల్‌లో ట్రాక్ పెట్టి పాడిస్తే పెదవుల కదలిక కుదిరి టేకులు సగం తగ్గుతాయి. ఏ షాటైనా మూడు టేకుల్లో రాకపోతే దాన్ని వదిలి ముందుకు వెళ్లాలి. నిన్నటిదాకా గడగడా పాడిన పిల్ల ఈ రోజు రెండు మాటలు మరచిపోతోందంటే, కళ్లు నులుముకుంటోందంటే, పక్కన తల్లి విసుక్కోవడం మొదలైందంటే, ఆ పిల్లకు ఆ రోజు పని అయిపోయినట్టే. అది చూసి "చాలు" అనే అధికారం ఆ ఇద్దరు బాధ్యులకు ఉండాలి. ఆ మాట డైరెక్టరు కూడా వినాలి. ఈ సంగతి షూటింగ్‌కు ముందే అందరి ఎదుట చెప్పాలి. ఎవరైనా పిల్లల మీద చెయ్యి వేసినా, అనుచితంగా ప్రవర్తించినా సంఘ పెద్దల మధ్య పంచాయితీ పెట్టి సర్దేయడం కుదరదు. లైంగిక నేరమైతే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం విధి. 1098 నంబరు ఆ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

ఇక గౌరవం. ఏడిపించే సన్నివేశాల సంగతి మొదట చెప్పిన పాపతోనే మొదలైంది. పిల్లవాడికి అబద్ధం చెప్పి, భయపెట్టి, గిల్లి రప్పించే కన్నీరు నటన కాదు, నిజమైన బాధ. పెద్ద నటుడికి అది కథ అని తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లకు అమ్మ వెళ్లిపోయిందంటే అమ్మ వెళ్లిపోయినట్టే. పైగా ఆ మాట చెప్పింది దేవుని పాట తీస్తున్న పెద్దవాళ్లు. నిజానికి ఆ షాట్‌కు కన్నీరు అక్కరలేదు. వెనుక నుంచి తీస్తే వంగిన భుజాలు, తొట్టి అంచు పట్టుకున్న చిన్న చేతులు చాలు. మిగతాది వేణువు చెబుతుంది. పేదరికం చూపించేటప్పుడు మరొక పొరపాటు జరుగుతుంది. పేద ఇంటి పిల్లవాడి చేత చింపిరి చొక్కా తొడిగించి ముఖానికి మసి పూస్తారు, కలిగిన ఇంటి పిల్లవాడిని దేవదూతను చేస్తారు. రేపు బడిలో తోటివాళ్లు ఆ వీడియో చూస్తారని మనం ఆలోచించం. పాత్రలు పంచేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ఈ షాట్ చూసి పదేళ్ల తరువాత ఈ పిల్లవాడు తల ఎత్తుకోగలడా?

విడుదల తరువాత కూడా బాధ్యత తీరదు. వీడియో కింద పిల్లల పేర్లు, బడి, ఊరు రాయవద్దు. "చిన్నారి సహోదరి" అంటే చాలు. ఐదు రొట్టెలు, రెండు చేపలు ఇచ్చిన చిన్నవాడి పేరు సువార్తలో ఎక్కడా లేదు. అయినా అతని కానుకను రెండు వేల ఏళ్లుగా సంఘం తలచుకుంటూనే ఉంది. వ్యాఖ్యల సంగతి చూడండి. పాప రంగు గురించి, గౌను గురించి అపరిచితులు రాసే మాటలు ఆ పాపే చదువుతుంది. యూట్యూబ్‌లో ఏ వీడియోకైనా వ్యాఖ్యలు ఆపేసే వీలు ఉంది. పిల్లలు ప్రధానంగా ఉన్న పాటకు ఆ పని విడుదలకు ముందే చేయాలి. ఏదైనా కుటుంబం తరువాత వద్దంటే, ఛానెల్‌లోని వీడియో తీసేయకుండానే యూట్యూబ్ స్టూడియో ఎడిటర్‌తో ఆ ముఖాన్ని మసకబార్చవచ్చు, ఆ భాగాన్ని కత్తిరించవచ్చు. అప్పటికే వాట్సాప్‌లో తిరిగిన కాపీలను మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. ఈ నిజాన్ని కూడా సమ్మతి కాగితంలోనే రాయాలి.

డబ్బు మాట కూడా చెప్పాలి. కెమెరామన్‌కు, ఎడిటర్‌కు, కీబోర్డు వాయించిన తమ్ముడికి ఇస్తాం. పిల్లలకు మాత్రం బిర్యానీ ప్యాకెట్టు, చాక్లెట్టు. అందరూ కానుకగా చేస్తే అందరిదీ కానుకే. పెద్దలకు కూలి ఇచ్చి పిల్లల దగ్గర మాత్రం త్యాగం కోరడం న్యాయం కాదు. ఇస్తే ఎలా ఇవ్వాలో నియమం చెప్పింది. పిల్లవాడి సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లవాడి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అది మేజరయ్యాక పిల్లవాడికే చెందుతుంది. రెండు వేల రూపాయలు ఇస్తే నాలుగు వందలు అలా వేయాలి. మొత్తం చిన్నదే. కానీ ఆ పని నాదే అని ఆ పిల్లవాడికి తెలుస్తుంది.

ఈ నవంబరులో పాట తీయబోతున్న సంఘాలకు మా మనవి ఒకటే. ట్రాక్‌కు అడ్వాన్సు ఇచ్చే కమిటీ సమావేశంలోనే ఆ ఇద్దరు బాధ్యులెవరో తీర్మానించి మినిట్స్‌లో రాయండి. వాళ్లు దొరకకపోతే ఈ ఏడాది పాటలో పిల్లల గొంతులు మాత్రం వినిపించండి, ముఖాలు వద్దు. ఆ రోజు మేము ప్రార్థన ముగించి ఆ పాప పక్కన ఒక్క నిమిషం కూర్చుని, "అమ్మ అదిగో, చెట్టు కింద ఉంది" అని చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఆ పాప ఇప్పుడు పెద్దదైంది. మొన్న ఒక కూడికలో కనబడి వందనాలు చెప్పింది. మేము క్షమాపణ అడిగాం. "అయ్యగారూ, ఆ పాట ఇప్పటికీ మా ఇంట్లో పెట్టరు" అంది.